కిటికీ మూస్తే పెరడు పోదు

ఈమాక్స్ కొత్తగా వాడుతున్న ఒక కుర్రాడు మా ఆఫీసులో ఒకరోజు కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పొద్దుట్నుంచీ రాసిందంతా పోయింది" అన్నాడు. వెళ్లి చూశాను. తెర రెండు ముక్కలుగా ఉన్నప్పుడు పొరపాటున `C-x 1` నొక్కాడు. కింది ముక్క మాయమైంది, అందులో కనిపిస్తున్న ఫైలూ మాయమైంది. నేను `C-x b` నొక్కి ఆ ఫైలు పేరు కొట్టగానే రాసిందంతా అక్షరం పోకుండా ముందుకొచ్చింది. అసలేమీ పోలేదు.

అంతకు కొన్నేళ్ల ముందు నాకు దీనికి తలకిందులుగా జరిగింది. చేనేత మీద ఒక కథ రాస్తున్నాను. కథ పైముక్కలో ఉంది. కింది ముక్కలో పడుగు, పేక, నాడె, ఆసు అంటూ మగ్గం మాటలు ఒక్కొక్కటే అర్థాలతో రాసుకుంటూ పోయాను. నలభై దాకా అయ్యాయి. పని ముగించి `C-x C-c` నొక్కాను. కథను సేవ్ చేయమంటారా అని ఈమాక్స్ అడిగింది, చేయమన్నాను. మర్నాడు తెరిచి చూస్తే కథ ఉంది, పదాల జాబితా లేదు. డిస్కు మొత్తం వెతికినా దొరకలేదు.

పోయిందనుకున్నది అతనికి దొరికింది. ఉందనుకున్నది నాకు దొరకలేదు. ఈ రెండు అనుభవాలకూ కారణం ఒక్కటే: బఫర్, విండో, ఫ్రేమ్ అనే మూడు మాటల్ని మేమిద్దరం కలగాపులగం చేసుకున్నాం. ఈ అధ్యాయం ఆ మూడింటినీ విడదీయడానికి. ప్రతి మాట దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: దీన్ని మూస్తే ఏం పోతుంది, ఏం ఉంటుంది?

ముందుగా ఒక చిన్న గుర్తు. ఈమాక్స్ పుస్తకాల్లో `C-x` అంటే కంట్రోల్ కీని నొక్కి పట్టుకుని `x` కొట్టడం. `C-x 2` అంటే అది కొట్టి, రెండు కీలూ వదిలేసి, తర్వాత విడిగా 2 కొట్టడం. `C-x C-f` అంటే రెండోసారి కూడా కంట్రోల్ పట్టుకోవాలి. `M-x` అంటే ఆల్ట్ కీతో `x`. మధ్యలో ఎక్కడైనా తికమకపడితే `C-g` కొట్టండి, సగంలో ఉన్న ఆజ్ఞ రద్దవుతుంది.

## ఈ మాటలు మనకెందుకు అడ్డం తిరుగుతాయి

మనం కంప్యూటరు ముందు కూర్చోగానే విండో అంటే చుట్టూ అంచు, పైన పట్టీ, మూలన మూసే గుర్తు ఉన్న పెట్టె అని అలవాటైపోయింది. ఈమాక్స్ ఆ అలవాటుకంటే పాతది. 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో, టీకో అనే ఎడిటరు కోసం రాసిన మాక్రోల సంపుటిగా అది పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ అందులో ముఖ్యులు. అప్పటి టెర్మినల్‌కు ఉన్నది ఒకే తెర, ఆ తెరనిండా అక్షరాలే. ఆ తెరను రెండు భాగాలు చేసి రెండు చోట్లు ఒకేసారి చూసుకునే వీలు కల్పించి, ఒక్కొక్క భాగాన్ని విండో అన్నారు. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్ 1985లో విడుదలైంది. మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి వెర్షన్ వచ్చింది కూడా ఆ ఏడాది నవంబరులోనే. అంటే అంచులున్న పెట్టెను లోకమంతా విండో అనడం మొదలుపెట్టేసరికే ఈమాక్స్‌లో ఆ మాట వేరే వస్తువుకు స్థిరపడిపోయింది.

తర్వాత గ్రాఫిక్ తెరలు వచ్చాయి. ఈమాక్స్ కూడా ఒకేసారి అనేక పెట్టెలుగా తెరుచుకోవలసి వచ్చింది. 1993లో వెలువడిన 19వ వెర్షన్‌లో ఆ పెట్టెకు ఫ్రేమ్ అన్న పేరు నిలబడింది. కాబట్టి ఒక్క సవరింపు మనసులో పెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది. మీరు ఇన్నాళ్లూ విండో అన్నదాన్ని ఈమాక్స్ ఫ్రేమ్ అంటుంది. ఆ ఫ్రేము లోపలి ఒక్కొక్క ముక్కను విండో అంటుంది. ఆ ముక్కలో కనిపించే రాత బఫర్‌ది.

## బఫర్: చిత్తుప్రతి

బడిలో మనం వ్యాసం ముందు చిత్తులో రాసుకుని, తర్వాత సాపు చేసేవాళ్లం. డిస్కు మీది ఫైలు సాపు ప్రతి అనుకోండి. `C-x C-f` కొట్టి ఫైలు పేరు ఇవ్వగానే ఈమాక్స్ ఆ ఫైల్లో ఉన్నదంతా చదివి, కంప్యూటరు జ్ఞాపకంలో ఒక చిత్తు తయారు చేస్తుంది. ఆ చిత్తే బఫర్. మీరు కొట్టే ప్రతి అక్షరం బఫర్‌లోకి వెళ్తుంది. `C-x C-s` కొట్టినప్పుడే అది సాపు అవుతుంది, అంటే ఫైల్లోకి ఎక్కుతుంది. అంతవరకూ డిస్కు మీద పాత రాతే ఉంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. ప్రతి చిత్తుకూ సాపు ఉండాలని నియమం లేదు. ఈమాక్స్ తెరవగానే `*scratch*` అనే బఫర్ ఉంటుంది. దానికి డిస్కు మీద ఏ ఫైలూ లేదు. కింది గీతలో వచ్చిపోయే సందేశాలన్నీ `*Messages*` అనే బఫర్‌లో చేరుతుంటాయి. సహాయం అడిగితే `*Help*` పుడుతుంది. `C-h h` కొట్టి చూడండి. అనేక భాషల్లో పలకరింపులున్న బఫర్ తెరుచుకుంటుంది, అందులో మన నమస్కారం కూడా ఉంటుంది. ఇది ఈమాక్స్‌తో పాటు వచ్చే ఒక ఫైలు నుంచి తయారైన బఫర్. చూడటమైపోయాక `q` కొట్టండి.

బఫర్ తన రాతను మాత్రమే మోయదు, తన అలవాట్లను కూడా తనతోనే పెట్టుకుంటుంది. తెలుగులో రాసేవాళ్లకు ఇది ముందే తెలియాలి. ఈమాక్స్‌లో `telugu-itrans`, `telugu-inscript` అనే టైపింగ్ పద్ధతులు మొదటి నుంచీ సిద్ధంగా ఉంటాయి. `C-x RET C-\` కొట్టి ఆ పేరు ఇస్తే మీరున్న బఫర్‌లో తెలుగు పడుతుంది. పక్క బఫర్‌లోకి వెళ్తే మళ్లీ ఇంగ్లీషే పడుతుంది. టైపింగ్ పద్ధతి చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. చెడిపోలేదు. మీరు తెలుగు పెట్టింది ఆ బఫర్‌కే. ఇక్కడ కూడా తెలుగు కావాలంటే `C-\` కొట్టాలి. తెలుగు కథ, ఇంగ్లీషు ప్రోగ్రాము పక్కపక్కనే పెట్టుకునేవారికి ఇది పెద్ద వెసులుబాటు. ఒకసారి అమర్చుకుంటే అటూ ఇటూ తిరిగినప్పుడల్లా భాష మార్చుకోనక్కర్లేదు.

తెరిచి ఉన్న బఫర్లన్నీ చూడాలంటే `C-x C-b`. ఒక బఫర్ నుంచి ఇంకోదానికి పోవాలంటే `C-x b`. బఫర్‌ను పూర్తిగా తీసేయాలంటే `C-x k`. ఈ మూడూ మన రాత జీవితంతో నేరుగా ముడిపడ్డ ఆజ్ఞలు. ఇక విండో, ఫ్రేమ్ ఆజ్ఞలన్నీ చూపుకు సంబంధించినవి.

## విండో: కిటికీ

ఇంట్లో వంటగది కిటికీలోంచి చూస్తే పెరట్లో జామచెట్టు కనిపిస్తుంది. పడకగది కిటికీలోంచి చూసినా అదే జామచెట్టు, కాకపోతే ఇంకో వైపు నుంచి. చెట్టెక్కి ఒక కాయ కోస్తే రెండు కిటికీల్లోంచీ ఆ కాయ లేకుండానే కనిపిస్తుంది. వంటగది కిటికీ మూసేస్తే చెట్టుకేమీ కాదు. ఈమాక్స్ విండో సరిగ్గా ఇలాంటిదే. అది పెరడు కాదు, పెరట్లోకి చూసే కిటికీ.

దీన్ని కళ్లారా చూడటానికి `katha.txt` అనే ఫైలు తెరవండి. ఓ రెండు మూడు వందల పంక్తులుంటే బాగా తెలుస్తుంది. `C-x 2` కొట్టండి. తెర అడ్డంగా చీలి ఒకదాని కింద ఒకటి రెండు విండోలు వస్తాయి. రెండింట్లోనూ అదే `katha.txt`. ఇక్కడే చాలామంది ఫైలుకు నకలు తయారైందనుకుంటారు. నకలు కాదు, ఒకే బఫర్‌కు రెండు కిటికీలు. `C-x o` కొట్టి కింది విండోలోకి దిగండి. `M->` కొడితే కథ చివరికి వెళ్తారు. పై విండో మాత్రం మొదట్లోనే ఉండిపోతుంది, ఎందుకంటే ప్రతి విండోకూ కర్సరు స్థానం విడిగా ఉంటుంది.

ఇప్పుడు కింద ఏదైనా ఒక వాక్యం రాయండి. మళ్లీ `C-x o` కొట్టి పై విండోలోకి వచ్చి, అక్కడ `M->` కొట్టి చివరికి వెళ్లండి. మీరు కింద రాసిన వాక్యం ఇక్కడా కనిపిస్తుంది. పై విండోలోనే ఉండి `C-/` ఒకటి రెండుసార్లు కొట్టండి. కింద రాసింది చెరిగిపోతుంది. చేసిన మార్పుల చిట్టా ఉండేది విండో దగ్గర కాదు, బఫర్ దగ్గర. ఏ కిటికీలోంచి రాశారన్నది ఆ చిట్టాకు పట్టదు.

పెద్ద రచన చేసేవాళ్లకు దీనివల్ల పని ఎంతో సులువవుతుంది. మొదటి పేజీలో పాత్రకు ఏ ఊరు చెప్పామో పై విండోలో కనిపిస్తూ ఉంటుంది, ముగింపు కింద రాసుకోవచ్చు. ప్రోగ్రాము రాసేవారు పైన నిర్వచనం పెట్టుకుని కింద దాన్ని వాడే చోటు సరిచేసుకోవచ్చు. కింది విండోలోంచి కదలకుండానే పక్క విండోను జరపాలంటే `C-M-v` కొడితే చాలు.

విండోలకు గుర్తుంచుకోవలసిన అంకెలు నాలుగే. `C-x 2` పైనా కిందా చీలుస్తుంది. `C-x 3` ఎడమా కుడీ చీలుస్తుంది. `C-x 0` మీరున్న విండోను తీసేస్తుంది. `C-x 1` మీరున్నది ఒక్కటే ఉంచి మిగతా విండోలన్నీ తీసేస్తుంది. ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా మీ రాతను ముట్టుకోదు. మా ఆఫీసు కుర్రాడు నొక్కింది వీటిలో నాలుగోది. కిటికీ మూసుకుంది, పెరడు అలాగే ఉంది.

ఒకే విండో మిగిలినప్పుడు `C-x 0` కొడితే ఈమాక్స్ తియ్యదు. `Attempt to delete minibuffer or sole ordinary window` అని కింద చెబుతుంది. అది ప్రమాదమేమీ కాదు, ఉన్న ఒక్క కిటికీనీ మూయలేనంటోంది అంతే.

విండోల అమరిక పొరపాటున చెదిరితే వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. `~/.emacs.d/init.el` ఫైల్లో ఈ ఒక్క పంక్తి రాసి ఈమాక్స్ మళ్లీ తెరవండి:

```
(winner-mode 1)
```

ఆ తర్వాత `C-c` కొట్టి ఎడమ బాణం నొక్కితే ముందటి అమరిక తిరిగొస్తుంది. పై కుర్రాడికి ఇది ఉంటే నా దగ్గరికి రావలసిన పనే ఉండేది కాదు.

## ఫ్రేమ్: గోడ

కిటికీలు గాలిలో ఉండవు, గోడకు ఉంటాయి. ఈమాక్స్‌లో ఆ గోడ పేరు ఫ్రేమ్. అంచులు, పైన పట్టీ, మెనూ ఉన్న మొత్తం పెట్టె అది. `C-x 5 2` కొడితే ఇంకో ఫ్రేమ్ తెరుచుకుంటుంది. రెండు మానిటర్లున్నవాళ్లు ఒక ఫ్రేమును అటు, ఒకదాన్ని ఇటు పెట్టుకుంటారు.

కొత్త ఫ్రేమంటే కొత్త ఈమాక్స్ కాదు. రెండు ఫ్రేములకూ బఫర్లు ఉమ్మడి ఆస్తి. మొదటి ఫ్రేములో తెరిచిన `katha.txt`ను రెండో ఫ్రేములో `C-x b` కొట్టి పిలిస్తే అదే చిత్తు వస్తుంది, ఇంకా సేవ్ చెయ్యని మార్పులతో సహా. కానీ మెనూలోంచో డెస్క్‌టాప్ గుర్తు మీదో నొక్కి ఈమాక్స్‌ను రెండోసారి విడిగా ప్రారంభిస్తే అది వేరే కాపురం. అక్కడ అదే ఫైలు తెరిస్తే రెండో చిత్తు పుడుతుంది. మొదటి ఈమాక్స్‌లో సేవ్ చెయ్యని మార్పులున్నప్పుడు రెండో ఈమాక్స్‌లో ఆ ఫైలు దిద్దబోతే, దాన్ని ఇంకొకరు పట్టుకుని ఉన్నారని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక కనిపిస్తే `q` కొట్టి వెనక్కి తగ్గండి. మొదటి ఈమాక్స్‌లోకి వెళ్లి, అక్కడ `C-x 5 2`తో కావలసిన రెండో పెట్టె తెరుచుకోండి.

ఫ్రేముల ఆజ్ఞల్ని కొత్తగా బట్టీ పట్టక్కర్లేదు. విండోలకు వాడిన గుర్తుల ముందు 5 చేర్చితే చాలు. `C-x o` పక్క విండోకు తీసుకెళ్తే `C-x 5 o` పక్క ఫ్రేముకు తీసుకెళ్తుంది. `C-x 0` విండోను తీస్తే `C-x 5 0` ఫ్రేమును తీస్తుంది. ఇదే వరసలో 4 కూడా ఉంది. `C-x 4 f` అంటే ఫైలును పక్క విండోలో తెరువు అని, `C-x 5 f` అంటే దాన్నే కొత్త ఫ్రేములో తెరువు అని.

గ్రాఫిక్ తెర లేకుండా టెర్మినల్లో ఈమాక్స్ వాడేవాళ్లకు ఫ్రేములు ఇంకో రకంగా కనిపిస్తాయి. అక్కడ ఒక ఫ్రేమ్ టెర్మినల్ మొత్తాన్నీ ఆక్రమిస్తుంది, ఒకసారికి ఒకటే కనిపిస్తుంది. విండోకు అడుగున ఉండే మోడ్ లైన్‌లో `F1` అని కనిపిస్తూ ఉంటుంది. మీ విండోల అమరికంతా ఒక్కసారిగా మాయమై అక్కడ `F2` కనిపిస్తే, మీరు తెలియక `C-x 5 2` కొట్టారన్నమాట. `C-x 5 0` కొట్టండి, పాత ఫ్రేమ్ తన అమరికతో తిరిగొస్తుంది.

## మూసేటప్పుడు ఏది పోతుంది

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. మూసే ఆజ్ఞలు నాలుగు రకాలు, నాలుగింటి ఫలితం వేరు వేరు.

విండో మూస్తే, అంటే `C-x 0` లేదా `C-x 1` కొడితే, పోయేది చూపు ఒక్కటే. బఫర్ ఉంటుంది. సేవ్ చెయ్యని మార్పులు కూడా బఫర్‌లోనే ఉంటాయి.

ఫ్రేమ్ మూస్తే, అంటే `C-x 5 0` కొడితే, ఆ గోడ మీది కిటికీలన్నీ పోతాయి. అక్కడ కూడా బఫర్లకు ఏమీ కాదు. కానీ మూలన ఉన్న మూసే గుర్తును మౌస్‌తో నొక్కేటప్పుడు జాగ్రత్త. ఇంకో ఫ్రేమ్ తెరిచి ఉంటే ఆ గుర్తు ఈ ఫ్రేమును మాత్రమే మూస్తుంది. ఉన్నది ఆ ఒక్క ఫ్రేమే అయితే ఈమాక్స్ మొత్తంగా ముగుస్తుంది.

బఫర్ తీసేస్తే, అంటే `C-x k` కొడితే, చిత్తు చిరిగిపోతుంది. ఫైలుతో ముడిపడి, సేవ్ చెయ్యని మార్పులున్న బఫరైతే ఈమాక్స్ ముందు అడుగుతుంది. ఏ ఫైలుతోనూ ముడిపడని బఫరైతే అడగదు, వెంటనే తీసేస్తుంది. విచిత్రంగా అనిపించే విషయం, బఫర్ పోయినా విండో పోదు. అదే విండోలో ఇంకో బఫర్ వచ్చి కూర్చుంటుంది. విండో ఇంకా ఉంది కదా, బఫర్ కూడా ఉన్నట్టేననుకోకూడదు.

ఈమాక్స్‌నే ముగిస్తే, అంటే `C-x C-c` కొడితే, బఫర్లన్నీ పోతాయి. ఫైళ్లతో ముడిపడి, మార్పులున్న ఒక్కొక్క బఫర్ గురించీ అడుగుతుంది. ఫైలు లేని బఫర్ల గురించి సాధారణంగా అడగదు.

ఈ ఆఖరి వాక్యం దగ్గరే నా నలభై పదాలు పోయాయి.

## ఆ రాత్రి అసలు జరిగిందేమిటి

`katha.txt`ను నేను `C-x C-f`తో తెరిచాను. దానికి డిస్కు మీద ఫైలుంది, బఫర్ ఆ ఫైలుతో ముడిపడింది. తర్వాత `C-x 2` కొట్టి కింది విండోలోకి దిగాను. పదాల కోసం కొత్త ఫైలు కావాలి. అప్పుడు నేను `C-x b` కొట్టి `padalu.txt` అని పేరిచ్చాను. ఇక్కడే తప్పు జరిగింది.

`C-x b` పని బఫర్ల మధ్య తిప్పడం. మీరిచ్చిన పేరుతో బఫర్ లేకపోతే అది ఖాళీ బఫర్ ఒకటి తయారు చేసి అందులో కూర్చోబెడుతుంది. పేరు చివర `.txt` ఉన్నా అది పేరు మాత్రమే, డిస్కుతో దానికి ఏ సంబంధమూ లేదు. నాకు కావలసింది `C-x C-f`. అది లేని ఫైలు పేరు ఇచ్చినా, ఆ చోట పుట్టబోయే ఫైలుతో బఫర్‌ను ముందే ముడివేస్తుంది. తెర మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: ఖాళీ విండో, అడుగున `padalu.txt` అన్న పేరు.

ఈమాక్స్ తనంతట తాను చేసే రక్షణ కూడా ఆ బఫర్‌కు దక్కలేదు. ఫైలుతో ముడిపడ్డ బఫర్‌ను అది మామూలుగా ప్రతి 300 కీల నొక్కుళ్లకోసారి, లేదా 30 సెకన్లు మీరు ఆగినప్పుడు `#katha.txt#` లాంటి పేరుతో పక్కన దాస్తుంది. కరెంటు పోయినా `M-x recover-this-file` కొట్టి దాన్ని తెచ్చుకోవచ్చు. ఫైలు లేని బఫర్‌కు ఆ ఏర్పాటు దానంతటది మొదలవదు. అందుకే మర్నాడు నేనెంత వెతికినా ఆ పదాల ఆనవాలు దొరకలేదు.

ముందే కనిపెట్టి ఉండవచ్చా? ఉండవచ్చు. గుర్తులు రెండున్నాయి.

మొదటిది మోడ్ లైన్‌లో ఉంటుంది. `C-x C-f`తో తెరిచిన `.txt` ఫైలుకు అక్కడ `(Text)` అని వస్తుంది. `C-x b`తో పుట్టిన ఖాళీ బఫర్‌కు, మీరు అమరికలు మార్చి ఉండకపోతే, `(Fundamental)` అని వస్తుంది. ఫైలు పేరు ఉన్న చోట ఆ మాట కనిపిస్తే అనుమానించాలి.

రెండోది ఇంతకంటే గట్టిది. `C-x C-b` కొడితే వచ్చే జాబితా ఆ రాత్రి ఇలా కనిపించి ఉండేది:

```
CRM Buffer       Size Mode             File
. * katha.txt    8214 Text             ~/rachana/katha.txt
  * padalu.txt    912 Fundamental
    *scratch*     145 Lisp Interaction
```

మూడో నిలువు వరుసలోని నక్షత్రం ఆ బఫర్‌లో మార్పులున్నాయని చెబుతుంది. కుడి చివరి వరుస ఆ బఫర్ ఏ ఫైలుదో చెబుతుంది. రెండో పంక్తిలో నక్షత్రం ఉంది, ఫైలు లేదు. మీ జాబితాలో మీరు చేత్తో రాసిన బఫర్ ఏదైనా ఇలా కనిపిస్తే వెంటనే అందులోకి వెళ్లి `C-x C-s` కొట్టండి. `File to save in:` అని అడుగుతుంది. చోటు, పేరు ఇస్తే ఆ క్షణం నుంచి అది ఫైలుతో ముడిపడుతుంది. నేను పడుకోబోయే ముందు ఒక్కసారి ఆ జాబితా చూసి ఉంటే నా పదాలు ఈరోజు నా దగ్గర ఉండేవి. అప్పటి నుంచీ `C-x C-c` కొట్టే ముందు `C-x C-b` చూడటం అలవాటు చేసుకున్నాను. మళ్లీ ఏదీ పోలేదు.

## పావుగంట అభ్యాసం

చదివినంత మాత్రాన ఈ తేడా చేతికి రాదు. ఒక్కసారి చేసి చూడండి. పోయినా బాధలేని ఫైళ్లతోనే చేయండి.

1. `C-x C-f` కొట్టి `okati.txt` అని పేరివ్వండి. రెండు మూడు పంక్తులు రాయండి. సేవ్ చెయ్యకండి.

2. `C-x 3` కొట్టండి. `C-x o` కొట్టి కుడి విండోలోకి వెళ్లండి. అక్కడ ఇంకో పంక్తి రాయండి. ఎడమవైపు కూడా అది పడుతోందో లేదో చూడండి. పడితే ఒకే బఫర్‌కు రెండు కిటికీలన్న మాట మీకు ఇక గుర్తుండిపోతుంది.

3. కుడి విండోలోనే ఉండి `C-x b` కొట్టి `rendu.txt` అని ఇవ్వండి. అందులో ఒక పంక్తి రాయండి. రెండు విండోల మోడ్ లైన్లనూ పోల్చండి. ఒకచోట `(Text)`, రెండోచోట `(Fundamental)` కనిపించాలి.

4. `C-x 0` కొట్టండి. `rendu.txt` కనుమరుగవుతుంది. ఇప్పుడు `C-x b` కొట్టి అదే పేరు ఇవ్వండి. మీ పంక్తి తిరిగి కనిపిస్తుంది. విండో పోయినా బఫర్ ఉందన్నమాట.

5. `C-x 5 2` కొట్టి కొత్త ఫ్రేమ్ తెరవండి. అందులో `C-x b` కొట్టి `okati.txt`ను పిలవండి. ఇంకా సేవ్ చెయ్యకపోయినా మీ పంక్తులన్నీ అక్కడా ఉంటాయి. తర్వాత `C-x 5 0` కొట్టి ఆ ఫ్రేమును మూయండి.

6. `C-x C-b` కొట్టి జాబితాలో ఆ రెండు పేర్లు వెతకండి. రెండింటికీ నక్షత్రం ఉంటుంది, ఫైలు చిరునామా ఒకదానికే ఉంటుంది. రెండోదానికి చిరునామా ఎందుకు లేదో మీ మాటల్లో మీకు మీరే చెప్పుకోండి.

7. `rendu.txt`లోకి వెళ్లి `C-x k` కొట్టి ఎంటర్ నొక్కండి. ఏమీ అడగకుండా పోతుంది. తర్వాత `okati.txt`లోకి వెళ్లి అదే చేయండి. ఈసారి ఈమాక్స్ ఆగి అడుగుతుంది.

ఆరో మెట్టు దగ్గర మీరు చెప్పుకున్న జవాబు సరైనదైతే ఈ అధ్యాయంతో మీకు పని అయిపోయింది. ఇకమీదట తెర మీంచి ఏదైనా మాయమైనప్పుడు `C-x C-b` కొట్టి, పోయింది కిటికీయా పెరడా అని చూసుకోండి. ఈమాక్స్ ముగించే ముందు కూడా అదే జాబితా తెరిచి, చేత్తో రాసిన ప్రతి బఫర్‌కూ కుడి చివర ఫైలు చిరునామా ఉందో లేదో చూసుకోండి.